రెండో తరగతిలో పెట్టిన అంగడి

లెక్కల పుస్తకంలో డబ్బుల పాఠం వచ్చిన రోజు నేను పర్సు బోర్లించి బిళ్ళలన్నీ బల్ల మీద పోశాను. రెండో తరగతి పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. ఒక అయిదు రూపాయల బిళ్ళ పైకెత్తి, "ఇదెంత?" అని అడిగాను.

"కాయిన్!" అన్నారంతా ఒక్క గొంతుతో.

"కాయినే. ఎంత కాయిను?"

ఒకడు రెండన్నాడు. ఒక పిల్ల ఒకటంది. పాత రెండు రూపాయల బిళ్ళ వెడల్పుగా ఉంటుంది, పసుపుపచ్చ అయిదు రూపాయల బిళ్ళ దానికన్నా చిన్నది. పెద్దదానికే ఎక్కువ విలువ ఉండాలని పిల్లల న్యాయం. పది రూపాయల బిళ్ళ చూపిస్తే ముందు వరసలో కూర్చునే అబ్బాయి తల అడ్డంగా ఊపాడు.

"ఇది చెల్లదు టీచర్. మా వీధి అంగట్లో తీసుకోరు."

చెల్లుతుందని, తీసుకోం అనడమే తప్పని చెప్పాను. వాడు నన్ను జాలిగా చూశాడు, పాపం టీచరుకు లోకం తెలియదన్నట్టు.

మా బడి ముత్తియాల్‌పేటలో, రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి ఆగాల్సిన సందులో ఉంది. పాఠాలు ఇంగ్లీషులో, కబుర్లు తమిళంలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు నలుగురైదుగురు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నేనూ అలా పెరిగినదాన్నే. మిల్లు పని నుంచి వచ్చాక మా నాన్న పలక మీద అక్షరాలు దిద్దించబట్టి నాకు తెలుగు రాయడం వచ్చింది. పిల్లల మాటలు చాలావరకు తమిళంలోవే అయినా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా అత్తతో చెప్పాను, పిల్లలకు బిళ్ళలే తెలియడం లేదని. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "యాడ తెలుస్తుంది? అంగడికి పంపితే గదా తెలిసేది. అన్నీ ఫోన్లోనే తెప్పిస్తిరి" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. పిల్లల్ని అంగడికి పంపలేను, కాబట్టి అంగడినే తరగతిలోకి తెస్తే సరి. మరుసటి రోజు నుంచి మా అత్త టీపొడి ప్యాకెట్లు, సబ్బు డబ్బాలు, పేస్టు అట్టపెట్టెలు పారేయకుండా దాచడం మొదలుపెట్టింది. దాచడమే కాదు, పక్కింటివాళ్ళ దగ్గరా వసూలు చేసింది. ఖాళీ పెట్టెల్లో పాత కాగితాలు కూరి, మూతలు అతికించి, కొత్త సరుకులా తయారుచేసి ఇచ్చింది. "ఖాళీగా ఉంటే అమ్మేవాడికి ఉషారు ఉండదు" అంది.

నోట్లకు ఫ్యాన్సీ స్టోరులో దొరికే ఆటనోట్ల కట్ట కొన్నాను. బిళ్ళలు మాత్రం కొననివ్వలేదు పిల్లలు. అసలు బిళ్ళ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుందని చూపించగానే ఇక ఆగలేదు. రుద్దారు, కత్తిరించారు, అట్టకు అతికించారు. రుద్దుతున్నప్పుడే ఎవరికి వాళ్ళు అంకె ఎక్కడుందో వెతుక్కున్నారు. మధ్యాహ్నానికి బిళ్ళ సైజు చూసి విలువ చెప్పేవాళ్ళు తగ్గి, అంకె చూసి చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చినా జరగని పని అది.

కిటికీ కింద రెండు బెంచీలు కలిపి అంగడి పెట్టాం. సబ్బు ఏడు రూపాయలు, పేస్టు పన్నెండు, టీపొడి పద్నాలుగు, బిస్కెట్లు అయిదు. అసలు ధరలు కావు, ఏడేళ్ళ పిల్లలు మోయగల ధరలు. ముందు వరస అబ్బాయి మొదటి అంగడివాడు. భుజం మీద తువ్వాలు కావాలన్నాడు, చేతిరుమాలు వేశాను.

మొదటి కొనుగోలుదారు వచ్చి సబ్బు తీసుకుంది. పర్సు తెరవలేదు. పెన్సిలు డబ్బా తీసి, ఫోనులా పట్టుకుని అంగడి బెంచీ ముందు గాలిలో చూపించింది. అంగడివాడు వెంటనే, డబ్బు పడగానే పలికే పెట్టెలా, ముక్కుతో ఒక ఆడగొంతు తెచ్చుకుని, "ఏడు రూపాయలు వచ్చినవి!" అని ప్రకటించాడు. తరువాత వాడు, ఆ తరువాత ఆమె, అందరూ అంతే. నిమిషంలో సరుకంతా అమ్ముడుపోయింది. పిల్లల సంచుల్లో బిళ్ళలు బిళ్ళల్లాగే ఉన్నాయి. నాకు నవ్వాగలేదు.

నవ్వు తగ్గాక లేచి, "కరెంటు పోయింది. ఫోన్లలో చార్జి లేదు. టవరు కూడా పడిపోయింది" అని చెప్పాను.

"ఎప్పుడొస్తుంది టీచర్?"

"ఈ పాఠం అయ్యేదాకా రాదు."

సరుకంతా వెనక్కి ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. అప్పుడు వచ్చింది అసలు చిక్కు.

అందరికీ సమానంగా పది రూపాయలు ఇచ్చాను, కానీ కావాలనే రకరకాలుగా ఇచ్చాను. కొందరికి రెండు అయిదులు, కొందరికి అయిదు రెండులు, కొందరికి ఒక్క పది నోటు. రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకొచ్చే ఒక పిల్లకు పది నోటు వచ్చింది. వాళ్ళది తెలుగిల్లు. పక్కనున్న స్నేహితురాలి అరచేతిలో అయిదు బిళ్ళలున్నాయి. ఈ పిల్ల ఆ అరచేతిని చూసింది, తన నోటును చూసింది, పెదవి వణికింది.

"దానికి అన్ని ఇచ్చి నాకు ఒకటే ఇచ్చినారు" అని ఏడవడం మొదలుపెట్టింది.

దగ్గరకు తీసుకుని చెప్పాను. "ఇది పది. అవన్నీ కలిపితే కూడా పదే."

"ఇది ఒకటి" అంది, నోటు ఊపుతూ.

"మీద ఏం రాసుంది? చదువు."

"పది." కన్నీళ్ళ మధ్య స్పష్టంగా చదివింది. "అయినా ఒకటే."

రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది అని స్నేహితురాలి బిళ్ళలు తాకిస్తూ లెక్కపెట్టించాను. తప్పు లేకుండా లెక్కపెట్టింది. నోటు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే మాట. అబద్ధం కూడా కాదు మరి, దాని చేతిలో ఉన్నది ఒకటే. ఒక వస్తువు అయిదు వస్తువులతో సమానమని ఆ వయసులో నా నోటి మాట మీద ఎందుకు నమ్మాలి? అంతవరకూ వాళ్ళు లెక్కపెట్టినవన్నీ ఒకటికి ఒకటే. చింతగింజలు, పుల్లలు, గుండీలు. డబ్బుల దగ్గరే మొదటిసారి ఆ నియమం తప్పుతుంది.

మరుసటి రోజు అంగడి పక్కన ఇంకో బెంచీ వేసి, దాని మీద "చిల్లర మార్చబడును" అని ఇంగ్లీషులో, తమిళంలో రాసి పెట్టాను. అక్కడ కొనడం, అమ్మడం ఉండదు. నోటు తెస్తే బిళ్ళలు, బిళ్ళలు తెస్తే నోటు. నేనే కూర్చున్నాను. మొదట వచ్చింది ఆ రిబ్బన్ల పిల్లే. నిన్నటి పది నోటు ముందు పెట్టింది.

"ఎట్ల కావాలమ్మా?" అన్నాను, బ్యాంకులో మాట్లాడినట్టు.

"దానికిచ్చినట్టు."

అయిదు రెండు రూపాయల బిళ్ళలు ఒక్కొక్కటే లెక్కపెట్టి పెట్టాను. ముఖం వెలిగిపోయింది. సంచిలో వేసుకుని రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది. ఆ అయిదూ బల్ల మీద పెట్టి, "ఇప్పుడు ఆ నోటు ఇస్తారా?" అని అడిగింది. ఏదో మోసం కనిపెట్టబోతున్న ముఖంతో. నోటు ఇచ్చాను. వెంటనే, "ఇప్పుడు అయిదులు" అంది. రెండు అయిదు బిళ్ళలు ఇచ్చాను. "ఇప్పుడు ఒకట్లు." పది బిళ్ళలు. ఆ పది బిళ్ళలూ రెండు చేతులా మోసుకెళ్ళి కిటికీ దగ్గర వరసగా పేర్చి, తిరిగి తెచ్చి నోటు తీసుకుంది. వెనకాల వరస పెరిగి గోల చేస్తోంది. నేను ఆపలేదు. ఆ రోజు ఆ పిల్ల సబ్బు కొనలేదు, బిస్కెట్లు కొనలేదు. బెల్లు కొట్టేదాకా మారుస్తూనే ఉంది. చివరికి పది నోటుతో వెళ్ళి తన చోట కూర్చుని, స్నేహితురాలితో గొంతు తగ్గించి చెప్పింది. "దీంట్లో అయిదు రెండులు దాక్కున్నాయి. అడిగితే బయటికొస్తాయి."

నేను ఆ మాట ఇంటికి వెళ్ళి మా అత్తకు చెప్పుకున్నాను. అంతకన్నా బాగా నేనైతే చెప్పలేను.

తరువాతి రోజు నుంచి మార్చే బెంచీ దగ్గర ఆ పిల్లనే కూర్చోబెట్టాను. ఇరవై నోటు తెచ్చినవాళ్ళను, "రెండు పదులా? నాలుగు అయిదులా? త్వరగా చెప్పు" అని గదిమేది. తప్పుగా తెచ్చినవాళ్ళను వెనక్కి పంపేది. నాకు గర్వంగా ఉండేది. పాఠం పండిందనుకున్నాను.

అలా అనుకుంటుండగానే ఒక ఉదయం, ప్రార్థన అయ్యి పిల్లలు లోపలికి వస్తుండగా, గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది, చేతికి ఇంకా ఇడ్లీపిండి అంటుకుని ఉంది. ఒక చేత్తో రిబ్బన్ల పిల్లను పట్టుకుంది. ఆవిడ ఆ పిల్ల అవ్వ. రెండు వీధుల అవతల పొద్దున పూట ఇడ్లీ, దోశ వేసి అమ్ముతుంది.

"టీచరమ్మా, తెలుగోళ్ళే గదా మీరు? ఏందమ్మా మీరు ఈ బిడ్డకు నేర్పించేది?"

పెద్ద టీచర్ కూడా తన గది ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమైందవ్వా?"

"ఏమైందా! నిన్న సాయంకాలం నా చిల్లర డబ్బా ఎత్తుకొని పోయింది. పోయి, వీధి మూల మీద బడ్డీ అంగట్లో పోసి ఇచ్చేసింది. బిళ్ళలు, పది నోట్లు, అంతా! వాడు నేనే పంపిస్తిననుకొని, చిల్లర దొరికిందని సంతోషపడి, రెండొందల నోటు ఒకటి ఇచ్చి పంపినాడు. పొద్దున లేస్తిని, దోశ పోస్తిని, ఆటో అబ్బాయి నూరు రూపాయలు ఇచ్చె. డబ్బా తెరిస్తే..." ఆవిడ చెయ్యి గాలిలో తిప్పింది. "ఒకే కాగితం!"

"ఫోన్లో వేయమనలేదా?" అని అడిగాను.

"ఫోన్లో వేసేవాళ్ళు వేసినారు. నా దగ్గరికొచ్చే ముసలోళ్ళు ఫోనా తెస్తారు? ఇద్దరు రేపిస్తామని పొయినారు. ఆటో అబ్బాయి చిల్లర కోసం నిలబడి నిలబడి ఇంకో దోశ తినేసినాడు."

పిల్ల వైపు తిరిగాను. "ఎందుకిచ్చావమ్మా?"

ఆ పిల్ల భయపడలేదు. కోపంగా ఉంది. "అవ్వ రోజూ చెప్తుంది, డబ్బా బరువు, మోయలేకపోతున్నానని. నేను తేలిక చేసినాను. లెక్క సరిపోయింది టీచర్. నేను లెక్కపెట్టుకొనే పోయినాను. రెండు వందలకు రెండు వందలే ఇచ్చినాడు. అవ్వ నమ్మదు. ఒకటే అంటుంది!"

ఆ ఆఖరి మాటకు నేను పెద్ద టీచర్ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నవ్వుతారేంది? ఇది చెప్పేది నిజమేనా? లెక్కపెట్టిందా?"

"ఎంత ఉండిందవ్వా డబ్బాలో?"

"సరిగ్గా చూళ్ళేదు. రెండొందల దగ్గర దగ్గర ఉంటుంది."

"అంగడాయన్ని అడిగినారా?"

"అడక్కుండా ఉంటానా? చిల్లర కావాల్సిందీ వాడి దగ్గరే గదా. ఆ నోటే తీసుకొని పోతిని. నా చిల్లరే నాకు ఎనక్కి పోసినాడు. లెక్క సరిగ్గానే తెచ్చిందవ్వా నీ మనమరాలు, ఒక రూపాయి తేడా లేదు అన్నాడు." చివరి మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం పలచబడింది. పిల్ల తల మీద చెయ్యి వేసింది. పిండి ఎర్ర రిబ్బనుకు అంటుకుంది. "అంత లెక్క యాడ నేర్చుకున్నావే?"

"బడిలోనే, ఇంకెక్కడ" అంది పిల్ల.

కూర్చోమన్నాను. ఆయా టీ తెచ్చింది. టీ తాగుతూ ఆవిడ నాతో అంది: "లెక్క ఒకటేనమ్మా, కాదనను. అయితే అంగట్లో కూర్చునేవాళ్ళకి పెద్ద నోటు ఏం పనికొస్తుంది? పొద్దున పూట నాకు పదులూ అయిదులూ కావాల. పెద్ద నోటు సరుకు కొనే రోజుకు కావాల. అది గూడా చెప్పండి."

చెప్పాలనే నాకు తోచలేదు అంతవరకు. పిల్లలకు సమానమని నమ్మించే గొడవలో, ఏది ఎప్పుడు వాడాలన్న సంగతి పక్కనే ఉండిపోయింది. నేను కూడా బస్సులో అయిదు వందల నోటు తీసి కండక్టరు చేత మాట పడినదాన్నే.

ఆ రోజు ఆట మార్చాను. అంగడి గల్లాపెట్టెలో బిళ్ళలన్నీ తీసేసి ఒక్క వంద నోటు ఉంచాను. కొనేవాళ్ళకు ఇరవై నోట్లు ఇచ్చాను. మొదటి పిల్లవాడు పద్నాలుగు రూపాయల టీపొడి అడిగాడు. ముందు వరస అబ్బాయి మళ్ళీ అంగడివాడు. గల్లాపెట్టెలోకి చూశాడు, నా వైపు చూశాడు.

"టీచర్, చిల్లర లేదు."

"వంద ఉంది కదా? వంద పెద్దది కదా?"

"పెద్దదే. ఇవ్వడానికి రాదు."

రిబ్బన్ల పిల్ల మార్చే బెంచీ నుంచి గబగబా లేచింది. వంద నోటు లాక్కుని, ముందు పదులుగా, ఒక పదిని మళ్ళీ అయిదుగా, ఒకట్లుగా మార్చి గల్లాపెట్టెలో పోసింది. "పొద్దున అంగడికి ఇట్లుండాల" అంది, అచ్చం వాళ్ళవ్వ గొంతుతో. అంగడివాడు టీపొడి మీద వేలు పెట్టి, "పద్నాలుగు" అన్నాడు. ఒక రూపాయి బిళ్ళ పెట్టి "పదిహేను", అయిదు బిళ్ళ పెట్టి "ఇరవై" అన్నాడు. తీసివేత చెయ్యలేదు, ధర నుంచి ఇచ్చిన నోటు దాకా పైకి లెక్కపెట్టాడు. అది నేనే నేర్పాను, కానీ ఆ రోజు దాకా వాడు చేసింది ఒక్కసారీ సరిగ్గా రాలేదు. గట్టిగా చప్పట్లు కొట్టాను. వాడు చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నాడు.

అందరికీ వచ్చేసిందని మాత్రం చెప్పలేను. వెనక వరసలో ఒక అబ్బాయి చివరిదాకా ఎవరు ఏం అడిగినా గల్లాపెట్టెలోంచి గుప్పెడు తీసి ఇచ్చేసేవాడు. వాడు అంగట్లో కూర్చున్న రోజు వరస చాలా పొడుగ్గా ఉండేది.

నెలాఖరు శనివారం పెద్దవాళ్ళను పిలిచి అంగడి చూపించాం. మా అత్త కూడా వచ్చి తాను అతికించిన పెట్టెలను ఎవరెవరు కొంటున్నారో లెక్క చూసుకుంది. అవ్వ దోశ పని ముగించుకుని శుభ్రమైన చీర కట్టుకుని వచ్చింది. ఆటనోట్లలోంచి వందది ఏరుకుని, అయిదు రూపాయల బిస్కెట్లు అడిగింది, కావాలనే. మనమరాలు నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందవ్వా, పొద్దున్నే నూరు తెస్తావు? చిల్లరగా ఇవ్వరాదా?"

గదంతా నవ్వులు. అవ్వ అందరికన్నా గట్టిగా నవ్వి, కూర్చోవడానికి బెంచీ వెతుక్కుంది. పిల్ల నవ్వలేదు. తొంభై అయిదు రూపాయలు పదులూ అయిదులుగా లెక్కపెట్టి, అవ్వ అరచేతిలో పెట్టి, "లెక్కపెట్టుకో" అంది. అవ్వ నిజంగానే లెక్కపెట్టుకుంది.

సోమవారం అంగడి తీసేసి పెట్టెలన్నీ గోతాంలో కట్టాం. గోడకు పెద్ద అట్ట గడియారం తగిలించాను, తరువాతి పాఠం అదే కాబట్టి. చిన్న ముల్లు గంట, పెద్ద ముల్లు నిమిషాలు అని చెబుతూ, ఒక గంటకు అరవై నిమిషాలు అన్నాను. రిబ్బన్ల పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, గంటను చిల్లరగా మారిస్తే అరవై వస్తాయా?"

వస్తాయన్నాను. వెంటనే ముందు వరస అబ్బాయి అడిగాడు, అయితే వాటిని ఎక్కడ మారుస్తారని.